పేరు లావెక్కిన ఏడాది

గోడలు చెప్పిన చరిత్ర: 9వ భాగం

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం గురించి కిందటి భాగంలో చెప్పుకున్నాం. 1163లో రుద్రదేవుడు వేయించిన ఆ రాతి మీద ఎవరి పేరు ఎంత గొప్పగా చెక్కారో చూశాం. సంస్కృత శ్లోకాలను తెలుగు-కన్నడ లిపిలో, ఒకే మందంతో, ఒకే ఎత్తుతో, ఉలి ఎక్కడా జారకుండా చెక్కారు. రాజు పేరు కనబడాలన్నదే ఆ రాతి అసలు పని. ఈసారి రాజులు కాని వాళ్ల పేర్ల దగ్గరికి వద్దాం. గోడ మీద తన పేరు తానే రాసుకున్న పిల్లలు ఆ పేరును లావెక్కించడం ఎప్పుడు మొదలుపెట్టారు, ఎందుకు, ఆ లావు అక్షరాన్ని మన తెలుగులో కాగితం మీద గీయబోతే ఏమవుతుంది అన్నవి ఇవాళ్టి సంగతులు.

ముందు మా ఊరి గోడల మాట. హనుమకొండలో పెరిగిన నా వయసు వాళ్లకు గోడ అంటే ఎర్ర అక్షరాలే. 1969 తెలంగాణ ఉద్యమంలో గోడలు నినాదాలతో నిండాయి. 1959లో మొదలైన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, 1976లో వచ్చిన కాకతీయ విశ్వవిద్యాలయం ఈ ఊరిని విద్యార్థుల ఊరు చేశాయి. 1970ల నడుమ నుంచి రాడికల్ విద్యార్థి సంఘం లాంటి సంఘాల నినాదాలు ప్రహరీల మీద, కల్వర్టుల మీద వరసగా కనబడేవి. పొద్దున లేచేసరికి గోడ మారిపోయి ఉండేది. రాసిందెవరో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. మాట పెద్దగా ఉండేది, రాసిన మనిషి ఉండేవాడు కాదు.

పార్టీల గోడల పద్ధతి ఇంకోటి. ఎన్నికలకు చాలా ముందే సున్నం కొట్టి, మూలన పార్టీ పేరు రాసి, ఈ గోడ మాది అని పట్టా చేసుకునేవారు. 1990ల్లో శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు ఆ రాతల మీద గట్టి పట్టు బిగిసింది. 1997లో గోడలను ఖరాబు చేయకుండా ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. కాబట్టి ఈ వ్యాసంలో గీత అంతా కాగితం మీదనే. కోటలోనో, గుడిలోనో రాతి మీద మేకుతో పేరు గీకే వీరులకు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. 2010 సవరణ తర్వాత ఆ నేరానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఖిలా వరంగల్‌లో ఆ గీకుళ్లు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కనీసం చేతిరాతైనా బాగుండదు.

ఇక అమెరికా. ఈ ఎర్ర అక్షరాల కాలంలోనే అక్కడ సరిగ్గా దీనికి ఎదురైన పని జరుగుతోంది. మాట లేదు, నినాదం లేదు, ఉన్నదల్లా పేరే. 1960ల చివర ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే మారుపేరుతో డారిల్ మెక్రే ఊరంతా రాసుకుంటూ పోయాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో గ్రీకు కుటుంబపు కుర్రాడు డిమిట్రియస్ తన ముద్దుపేరు టాకికి తన వీధి నంబరు 183 తగిలించి, ఉత్తరాలూ పొట్లాలూ అందించే పని మీద ఎక్కడికి వెళ్తే అక్కడ రాశాడు. 1971 జులై 21న న్యూయార్క్ టైమ్స్ అతని మీద ఒక కథనం వేసింది. ఇక ఊళ్లోని కుర్రాళ్లంతా మార్కర్లు కొనుక్కున్నారు.

ఇలా సంతకంలాగా, ఒకే రంగుతో, ఒక్క ఊపులో రాసేదాన్ని ట్యాగ్ అంటారు. ఈ కళలో ఓనమాలు ఇవే. ట్యాగ్ చూడడానికి పిచ్చిగీతలా ఉంటుంది కానీ దాని లెక్క దానికుంది. చేయి వీలైనంతవరకు లేవకూడదు. ఒక అక్షరం తోక తర్వాతి అక్షరానికి తల కావాలి. అక్షరాలన్నీ ఒకే వైపు వాలాలి. వెయ్యి సార్లు రాసినా అదే రూపం రావాలి. మనకు ఇది కొత్తేమీ కాదు. పాత కరణాల కాగితాలు చూసినవాళ్లకు గొలుసుకట్టు రాత గుర్తుంటుంది. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసి రాసే ఆ రాత బయటివాళ్లకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు, తెలిసినవాళ్లకు మాత్రం రాసిన చేయి ఎవరిదో కూడా చెప్పేది. ట్యాగ్ అంటే గోడకెక్కిన గొలుసుకట్టే. తెలుగులో ట్యాగ్ సాధన చేసేవాళ్లు ఇంగ్లీషు ట్యాగులను చూసి వంకర్లు కాపీ కొట్టేకంటే, ఇంట్లో ఏ తాతగారి దస్తావేజో ఉంటే దాన్ని ముందు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

1971 కథనం తర్వాత న్యూయార్క్ రైలు పెట్టెల్లో ట్యాగుల మీద ట్యాగులు పడ్డాయి. ఎవరి పేరూ ఎవరికీ కనబడని పరిస్థితి వచ్చింది. జాతరలో అందరూ ఒక్కసారే అరిస్తే ఎవరి గొంతు వినబడుతుంది? కనబడాలంటే పేరు పెద్దది కావాలి. పెద్దది కావాలంటే గీత లావు కావాలి. ఇక్కడ ఒక చిన్న ప్లాస్టిక్ మూత చరిత్రను మార్చింది. స్ప్రే పెయింట్ డబ్బా 1949 నుంచే ఉంది కానీ దాని నోటి నుంచి వచ్చే గీత సన్నం. ఓవెన్ శుభ్రం చేసే మందు, బట్టలకు కొట్టే గంజి లాంటి ఇంటి సామాను డబ్బాల మూతలు దానికి బిగిస్తే గీత అరచేతి వెడల్పు దాకా వస్తుందని ఈ కుర్రాళ్లు కనిపెట్టారు. సూపర్ కూల్ 223 అనే మారుపేరుతో రాసే అతను 1972లో ఇలాంటి లావు గీతతో రైలు మీద వేసిన పేరును మొదటి మాస్టర్‌పీస్‌గా చెప్పుకుంటారు. ఆ మాటనే కుదించి పీస్ అన్నారు. అప్పటినుంచి రంగులు నింపి, అంచులు కట్టి, పట్టించుకుని చేసిన పేరును పీస్ అనే పిలుస్తున్నారు.

అదే 1972 చివర్లో బ్రాంక్స్‌లో పదిహేడేళ్ల మైకెల్ మారో, ఫేజ్ 2 అనే పేరుతో రాసేవాడు, అక్షరాన్ని లావు చేయడంతో ఆగకుండా దానికి గాలి కొట్టాడు. మూలలు పోయాయి. నిటారు గీతలు బొజ్జలయ్యాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బుడగల్లా నిలబడిన ఆ అక్షరాలను అతను సాఫ్టీలు అన్నాడు. లోకం బబుల్ లెటర్స్ అంది. ఆ రూపం అతని ఊహే అయినా, చేతిలోని పనిముట్టు కూడా దాన్ని అటే నెట్టిందని నాకనిపిస్తుంది. స్ప్రే గీత కొసలు సహజంగానే గుండ్రం. చురుకైన మూల కావాలంటే చేయి ఆపి, తిప్పి, మళ్లీ మొదలెట్టాలి. గుండ్రం కావాలంటే భుజం నుంచి చేయి ఊపితే చాలు. చీకటి యార్డులో కాపలావాడు వచ్చేలోగా పని ముగించాల్సినవాడికి ఆ తేడా చిన్నది కాదు. తర్వాత ఈ బుడగ అక్షరాలనే రెండు మూడింటికి కుదించి, రెండు రంగులతో నిమిషాల్లో వేసి పారిపోయే పద్ధతి వచ్చింది. దాన్ని త్రో-అప్ అన్నారు. 1970ల నడిమికి బాణాలు, మెలికలతో అల్లుకుపోయే వైల్డ్‌స్టైల్ కూడా వచ్చింది కానీ దాని జోలికి ఇప్పుడు పోను. బుడగ చేతకానివాడు మెలిక వేస్తే అది ముడి పడుతుంది.

ఒక ముచ్చట. ఫేజ్ 2కు గ్రాఫిటీ అన్న మాటే నచ్చేది కాదు. తాము చేసింది రాత అనేవాడు, తాము రాసేవాళ్లం అనేవాడు. 2019లో పోయేదాకా ఆ పట్టు విడవలేదు. న్యూయార్క్ రైల్వే మాత్రం 1989 మేలో చివరి రాతల పెట్టెను పక్కనపెట్టి తన పగ తీర్చుకుంది. అప్పటికే 1984లో మార్తా కూపర్, హెన్రీ చాల్‌ఫాంట్ అచ్చువేసిన ఫొటోల పుస్తకం ‘సబ్‌వే ఆర్ట్’ పట్టుకుని ఆ అక్షరాలు ఖండాలు దాటేశాయి.

తెలుగునాట ఈ గాలి ఆలస్యంగా వీచింది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాద్ ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడలకు బొమ్మలు వేయించింది. హైదరాబాద్ చిత్రకారులు స్వాతి, విజయ్ జంట అందులో పనిచేశారు. ఇంటి ఎత్తున నిలబడ్డ మన ఆడవాళ్ల ముఖాలు వాళ్ల గోడల్లో కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉన్నాయి. కానీ అవి బొమ్మలు. అక్షరమే బొమ్మ కావడం అన్నది తెలుగులో ఇంకా పెద్దగా జరగలేదు. దానికి కారణం లిపిలో ఉందేమోనని అనుమానం వచ్చి, నేనే పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

మన లిపి అసలే గుండ్రం కదా, బుడగ కట్టడం ఇంకెంత పని అనుకున్నాను. అక్కడే బోల్తాపడ్డాను. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు రెండు గీతల మధ్య నిలబడతాయి. పైన కప్పు, కింద నేల, అంతే. తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు. పైన తలకట్టూ గుళ్లూ, నడుమ ఒళ్లు, కింద ఒత్తులు. పైగా మన అక్షరాలకు ఒకదానికీ ఇంకోదానికీ తేడా బొజ్జలో ఉండదు, చిన్న చిన్న చోట్ల ఉంటుంది. థ కడుపులో చుక్క పూడిపోతే అది ధ. ధ కింది చీలిక పూడితే ద. వ పక్కన కొమ్ము మామూలుగా పెడితే మ అయిపోతుందనే కదా ఆ కొమ్మును మన పెద్దలు కిందినుంచి తిప్పింది. అక్షరానికి గాలి కొట్టినప్పుడు ముందుగా పూడుకుపోయేవి సరిగ్గా ఈ చిన్న చోట్లే. ఇంగ్లీషు ‘ఓ’ బొక్క పూర్తిగా మూసుకుపోయినా అది ‘ఓ’నే అని పోల్చుకోవచ్చు. మన అక్షరానికి ఆ వెసులుబాటు లేదు.

మొదటి పీస్‌కు ‘ఓరుగల్లు’ అన్న మాట తీసుకున్నాను. ఊరి పేరన్న మమకారం ఒకటి, నాలుగే అక్షరాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు అన్నీ ఉండడం ఇంకోటి. ఎ4 డ్రాయింగ్ కాగితం అడ్డంగా పెట్టుకుంటే 21 సెంటీమీటర్ల ఎత్తు, 29.7 సెంటీమీటర్ల వెడల్పు దొరుకుతుంది. మొదటిసారి నేను పైనా కిందా ఓ రెండు సెంటీమీటర్లు విడిచి అక్షరాలు మొదలెట్టాను. ఓ, రు, గ దర్జాగా కూర్చున్నాయి. ల్లు దగ్గరికి వచ్చేసరికి ఒత్తుకు చోటు లేదు. కాగితం అంచున ఆలుగడ్డలాంటిది ఒకటి వేలాడింది.

ఆ కాగితం పట్టుకుని చౌరస్తా దగ్గర బోర్డులు రాసే ఒక పాత పెయింటర్ దగ్గరికి వెళ్లాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన పని సగానికి సగం పడిపోయింది. బండ్ల నంబరు ప్లేట్లు, బడి గోడల మీద సూక్తులు, అప్పుడప్పుడూ ఒక దుకాణం బోర్డు. కాగితం చూసి నవ్వాడు.

“ముందుగల్ల ఒత్తుకు జాగ ఇడువాలె సార్. జాగ ఇడువకుంటె అది మెడమీదికెక్కుతది. మేం బోర్డు మీద దారం కొట్టేటప్పుడు రెండు దారాలు కొట్టం, నాలుగు కొడ్తం.”

దారం కొట్టడం అంటే ముగ్గుపిండిలో ముంచిన నూలుదారాన్ని బోర్డుకు రెండు కొసలా బిగబట్టి, నడుమ లాగి వదలడం. టప్‌మని ఒక తెల్లగీత పడుతుంది. మనం కాగితం మీద స్కేలుతో ఆ నాలుగు దారాలే కొట్టుకుందాం. పైనుంచి 4 సెంటీమీటర్లు ఖాళీ విడిచి మొదటి గీత. అక్కడినుంచి 2 సెంటీమీటర్లు తలకట్ల అంతస్తు. దాని కింద 7 సెంటీమీటర్లు ఒళ్లు. ఆ కింద 4 సెంటీమీటర్లు ఒత్తుల అంతస్తు. అడుగున 4 సెంటీమీటర్లు ఖాళీ. కూడితే 21. వెడల్పులో అక్షరానికో వాటా పంచాలి. ఓ కు 6, రు కు 7, గ కు 5, ల్లు కు 8. మొత్తం 26 అవుతుంది. పక్కపక్క అక్షరాలు అర సెంటీమీటరు చొప్పున మూడుచోట్ల ఒకదాన్నొకటి ఎక్కుతాయి కాబట్టి 24.5 దగ్గర సర్దుకుంటుంది, రెండు పక్కలా రెండున్నరకు పైగా అంచు మిగులుతుంది. అందరికీ సమాన వాటా ఇవ్వకపోవడానికి కారణం కొమ్ము. రు లో ర కు 4 పోతే కొమ్ముకు 3 కావాలి. ఇంగ్లీషు గళ్ల పద్ధతిలో అన్ని గళ్లూ ఒకే వెడల్పు పెడితే మన కొమ్ములు నలిగిపోతాయి.

ఇప్పుడు ఎముకలు. హెచ్‌బీ పెన్సిల్‌తో, చెరిపితే పోయేంత తేలికగా, బడిపిల్లవాడిలా నాలుగు అక్షరాలూ ఒంటిగీతతో రాయాలి. సొగసులు వద్దు. ఈ గీత నడిమి ఎముక. దీనికి మాంసం పట్టాలి కాబట్టి అంతస్తుల హద్దులకు ముప్పావు సెంటీమీటరు లోపలే ఉండాలి.

మాంసం పట్టించడానికి నేనొక తేలిక ఉపాయం కనిపెట్టుకున్నాను. సెంటీమీటరున్నర అడ్డం ఉన్న ఒక కోటు గుండీ తీసుకోండి. దాని నడిమి బొక్కలు ఎముక గీత మీద ఉండేలా పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. కొంచెం జరిపి మళ్లీ గీయండి. అక్షరం మొదలు నుంచి కొస దాకా ఇలా జరుపుకుంటూ పోతే గొంగళిపురుగులాంటిది తయారవుతుంది. దాని బయటి అంచులను ఒకే గీతగా కలిపితే అంతటా ఒకే లావున్న అక్షరం వస్తుంది. కొత్తవాళ్లు కంటిచూపుతో లావు చేయబోతే ఒకచోట పీలగా, ఒకచోట వాచినట్టుగా వస్తుంది. గుండీ ఆ తప్పు చేయనివ్వదు. మొదటిసారి నేను 2 సెంటీమీటర్ల నాణెం వాడి ఓ కడుపు పూర్తిగా పూడ్చేశాను. 7 సెంటీమీటర్ల ఎత్తుకు సెంటీమీటరున్నర మించకూడదని అప్పుడు తెలిసింది. ఒత్తుకు అది కూడా ఎక్కువే. దానికి సెంటీమీటరు అడ్డం ఉన్న చొక్కా గుండీ చాలు.

ఇంతవరకు చేసింది లావు అక్షరమే, ఇంకా బుడగ కాదు. బుడగకు బరువు కిందికి దిగుతుంది. అందుకని ప్రతి అక్షరం అడుగుభాగాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉబ్బించాలి, పైభాగాన్ని అలాగే ఉంచాలి. గీత తన మీదికి తాను తిరిగే చోట్ల, అంటే ర కు తలకట్టు అంటుకునే చోట, ల మెలిక తిరిగే చోట, రెండు బుగ్గలు ఆనుకున్నట్టు ఒక చిన్న నొక్కు గీత పెట్టాలి. అది లేకపోతే అక్షరం పిండిముద్దలా కనబడుతుంది. లోపలి ఖాళీలు చిన్నవైనా ఫరవాలేదు, చింతగింజంతైనా మిగలాలి. ర కు 4 సెంటీమీటర్ల వెడల్పు ఇచ్చాం, రెండు పక్కలా సెంటీమీటరున్నర చొప్పున లావు పోతే నడుమ ఒక సెంటీమీటరు బొక్క మిగులుతుంది. సరిపోతుంది.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తర్వాతి చిక్కు. ఇంగ్లీషులో ఎడమ అక్షరం ముందు, కుడి అక్షరం వెనక అని ఒక వరస పెట్టుకుంటే గడిచిపోతుంది. మనకు కుదరదు. ఏ అక్షరానికి గుర్తుపట్టే అవయవం ఏ పక్క ఉందో చూసి ఆ పక్కను పైకి తేవాలి. ఓ కు ఆ గుర్తు కుడివైపు పైన ఉన్న మెలిక. అది కప్పబడితే ఒ అయిపోతుంది. కాబట్టి ఓ ముందు ఉండాలి, ర ఎడమ బుగ్గ అర సెంటీమీటరు దాని వెనక్కి పోయినా ర కు లోటు లేదు. రు కు గుర్తు కుడివైపు కొమ్ము. అది గ మీదికి రావాలి. పాపం గ కు రెండు కాళ్ల కమాను తప్ప దాచుకోవాల్సిన గుట్టు లేదు, అందుకని దాన్ని అందరికంటే వెనక నిలబెట్టాం. ల్లు మళ్లీ గ కుడికాలు మీదికి వస్తుంది. గ కాళ్లు సెంటీమీటరున్నర లావున్నాయి, చెరో అర సెంటీమీటరు మరుగుపడినా తలా సెంటీమీటరు కనబడుతుంది. వెనకబడ్డ గీతలన్నీ ఇప్పుడు రబ్బరుతో చెరిపేయాలి. చాలామంది ఇక్కడ బద్ధకించి రెండు గీతలూ ఉంచేస్తారు. అప్పుడు అక్షరాలు గాజువైపోతాయి, ఏది ముందో కంటికి తెలియదు.

కొమ్ముల విషయంలో ఒక జాగ్రత్త. చేయి ఊపు మీద ఉన్నప్పుడు కొమ్ము తోకను ఇంకొంచెం తిప్పాలనిపిస్తుంది. తిప్పితే రు కాస్తా రూ అవుతుంది. అలంకారం కోసం పేరునే మార్చుకున్నట్టు. తోక తిప్పాలన్న సరదా తీరకపోతే చివరి ఒత్తు దగ్గర తీర్చుకోండి, దాని కొసను కాస్త సాగదీసినా చదువుకు అడ్డం రాదు.

రంగుల వంతు వచ్చింది. ఇక్కడ రైలు యార్డు కుర్రాళ్ల వరసే మనదీను. వాళ్లు ముందు లేతరంగుతో నమూనా గీత వేసి, లోపల రంగు నింపి, నింపేటప్పుడు గీత మీదికి పొంగిన రంగును కప్పేలా ఆఖరున నల్లగీత వేసేవారు. కాగితం మీద కారణం వేరు, వరస అదే. నల్లగీత ముందు వేసి స్కెచ్ పెన్నుతో పసుపు నింపబోతే ఆ పెన్ను నల్లసిరాను లాక్కొచ్చి పసుపును బురద చేస్తుంది. పెన్ను మొన కూడా పాడవుతుంది. ముందు పసుపు, ఒళ్లు సగం నుంచి కిందికి నారింజ, ఆరాక నల్ల మార్కర్. మార్కర్ సిరా పల్చటి కాగితం దాటి కిందికి దిగుతుంది, కాబట్టి అడుగున పాత పేపరు మడత ఉండాలి. నా బల్ల మీద ఇప్పటికీ తిరగేసిన ఒక గ ఉంది.

నీడకు ఒకే సూత్రం. వెలుగు ఎడమ పైనుంచి వస్తోందనుకుంటే నీడ ప్రతి అంచుకూ కుడికీ కిందికీ అర సెంటీమీటరు జరిగి పడాలి. మనసు మార్చుకుని ఒక అక్షరానికి ఇంకోవైపు వేయకూడదు. అంతా బాగుందనుకుని ఈ నీడ దగ్గరే నేను రెండోసారి దెబ్బతిన్నాను. ల బొజ్జ కింద పడిన నీడ, ఒత్తుకూ ఒంటికీ మధ్య ఉన్న సందులోకి పోయింది. ఆ సందు ఉన్నదే నాలుగు మిల్లీమీటర్లు. నల్లనీడ పడేసరికి ఒత్తు ల కు అతుక్కుపోయి, అక్షరానికి కాలు వాచినట్టయింది. మూడోసారి ఒత్తును ఇంకో అర సెంటీమీటరు కిందికి దించి, దాని పైన మాత్రం నీడ వేయకుండా విడిచాను. సూత్రం తప్పినట్టే కానీ కన్ను దాన్ని పట్టుకోదు. చివరగా ప్రతి బుడగకూ ఎడమ పైభాగాన బియ్యపుగింజంత తెలుపు. రంగు వేసేటప్పుడే అక్కడ కాగితాన్ని విడిచిపెడితే మంచిది, తర్వాత తెల్లసిరాతో దిద్దితే అతుకు తెలిసిపోతుంది.

బాగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి మనకళ్లు పనికిరావు. మనకు ఆ మాట ముందే తెలుసు కాబట్టి ఎలా రాసినా చదివేస్తాం. కాగితాన్ని గోడకు ఆనించి పది అడుగుల దూరాన నిలబడి కళ్లు సగం మూసి చూస్తే నల్లమచ్చల్లా కలిసిపోయిన చోట్లు బయటపడతాయి. తలకిందులుగా పెడితే ఏ బొజ్జ ఎక్కువ వాచిందో తెలుస్తుంది. అన్నిటికంటే గట్టి పరీక్ష, మాట చెప్పకుండా ఇంకొకరి చేత చదివించడం. నా రెండో కాగితాన్ని పక్కింటి అయిదో తరగతి పిల్ల ‘ఓరుగలు’ అని చదివింది. మూడోది సరిగ్గా చదివింది.

ఆ మూడోది పట్టుకుని మళ్లీ చౌరస్తాకు వెళ్లాను. పెయింటర్ దాన్ని దుకాణం తలుపుకు ఆనించి, రోడ్డుకు ఆవలివైపు దాకా నడిచి వెళ్లి, అక్కడినుంచి చూసి వచ్చాడు. ఆటోలు ఆగి దారిచ్చాయి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితం కింది కుడిమూల వేలు పెట్టాడు.

“ఇక్కడ నీ పేరేది సార్?”

అప్పుడు ఆయన వెనకాల గోడకు ఆనించి ఉన్న పాత రేకు బోర్డులు చూశాను. బట్టల కొట్టు, మందుల షాపు, సైకిల్ టాక్సీ. ప్రతిదాని మూలనా, యజమాని పేరుకు పదోవంతు ఎత్తున, ఒకే వాలుతో, చేయి ఎత్తకుండా రాసిన ఒక సంతకం ఉంది. కింద ఆర్ట్స్ అని. ఏళ్ల తరబడి ఈ ఊరి బోర్డుల మీద చూస్తూ చదవకుండా పోయిన సంతకం అది. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు.

(తర్వాతి భాగం: దారం, సున్నం, రేకు – ఓరుగల్లు బోర్డు పెయింటర్ల అక్షరాలు)